మెంథాల్ ఏ కుర్చీని ఎంచుకుంటుంది?

తలనొప్పి బామ్‌లో, దగ్గు బిళ్ళలో చల్లదనాన్నిచ్చే మెంథాల్ విడిగా చూస్తే తెల్లటి స్ఫటికాలు. సుమారు 42 డిగ్రీల దగ్గర కరుగుతాయి. దాని అణువులో 10 కార్బన్లు, 20 హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ ఉంటాయి. సరిగ్గా అవే పరమాణువులు, అదే వరసలో, అవే బంధాలతో కలిసి ఉన్న మరో పదార్థం పేరు నియోమెంథాల్. అది గది ఉష్ణోగ్రత దగ్గరే ద్రవంగా ఉంటుంది. నాలుక మీద వేసుకుంటే మెంథాల్ ఇచ్చేంత చల్లదనం ఇవ్వదు. ఇదే కోవలో ఐసోమెంథాల్, నియోఐసోమెంథాల్ అని ఇంకో రెండున్నాయి. ఈ నాలుగింటికీ అద్దంలో ప్రతిబింబం లాంటి జోడీ ఒక్కొక్కటి ఉంది. అయితే జోడీలోని రెండింటికీ శక్తి సమానమే కాబట్టి ఇక్కడ నాలుగింటి గురించి మాట్లాడుకుంటే చాలు.

నాలుగింటిలోనూ ఆరు కార్బన్ల వలయం ఒకటి ఉంటుంది. దాన్నే సైక్లోహెక్సేన్ అంటారు. వలయానికి మూడు గ్రూపులు తగిలించి ఉంటాయి: 1వ కార్బన్ మీద హైడ్రాక్సిల్, 2వ కార్బన్ మీద ఐసోప్రొపైల్, 5వ కార్బన్ మీద మీథైల్. తేడా అంతా ఈ మూడింటిలో ఏది వలయానికి పై వైపు ఉంది, ఏది కింది వైపు ఉంది అన్న దాంట్లోనే ఉంది. పాఠ్యపుస్తకాల్లో మామూలుగా వేసే చదునైన షడ్భుజి ఆ పైకిందుల్ని చూపిస్తుంది. ఆ అమరికలో అణువు సుఖంగా ఉందో ఇరుకున పడిందో మాత్రం అది చెప్పలేదు. అందుకు కుర్చీ బొమ్మ కావాలి.

అసలు వలయం చదునుగా ఎందుకు ఉండదు? నాలుగు ఒంటి బంధాలున్న కార్బన్ వాటి మధ్య దాదాపు 109.5 డిగ్రీల కోణాన్ని కోరుకుంటుంది. చదునైన షడ్భుజిలో ఆ కోణం 120 డిగ్రీలవుతుంది. పైగా పక్కపక్క కార్బన్ల మీది హైడ్రోజన్లన్నీ ఒకదానికొకటి ఎదురుపడి నిలబడాల్సి వస్తుంది. 1885లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ వలయాలన్నీ చదునే అనుకుని ఒక సిద్ధాంతం కట్టాడు. ఐదేళ్ల తర్వాత, 1890లో, హెర్మన్ జాక్సే అనే యువ రసాయన శాస్త్రవేత్త వలయాన్ని వంచితే కోణాల ఒత్తిడి లేకుండా అమర్చవచ్చని గణితంతో చూపించాడు. ఆయన లెక్కలు చాలామందికి కొరుకుడు పడలేదు. దానికితోడు ఒక న్యాయమైన అభ్యంతరం కూడా ఎదురైంది. వలయం అలా వంగి ఉంటే, ఒక్క గ్రూపు తగిలించినప్పుడు రెండు వేర్వేరు పదార్థాలు దొరకాలి కదా, ఎవరికీ దొరకలేదేం? జాక్సే 1893లో, ముప్పయ్యేళ్లు దాటీ దాటకుండానే కన్నుమూశాడు.

ఆయన చెప్పింది నిజమని తేలడానికి అర్ధ శతాబ్దం పట్టింది. ఆస్లోలో ఒడ్ హాసెల్ ఆవిరి రూపంలోని అణువుల మీదికి ఎలక్ట్రాన్లను పంపి, అవి చెదిరిన తీరును బట్టి సైక్లోహెక్సేన్ కుర్చీ ఆకారంలోనే ఉంటుందని నిర్ధారించాడు. 1943లో ఆయన ఆ ఫలితాల్ని నార్వేజియన్ భాషా పత్రికలో ప్రచురించాడు. 1950లో డెరెక్ బార్టన్ స్టెరాయిడ్ల మీద రాసిన కొద్ది పేజీల వ్యాసంలో, గ్రూపు కుర్చీలో ఎటు తిరిగి ఉందన్నదాన్ని బట్టే అణువు రసాయనికంగా ఎలా ప్రవర్తిస్తుందో చెప్పవచ్చని చూపించాడు. 1969లో ఇద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది. జాక్సేకి ఎదురైన అభ్యంతరానికి జవాబు కూడా దొరికింది. మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఈ కుర్చీ సెకనుకు లక్షసార్ల లెక్కన ఒక రూపం నుంచి మరో రూపానికి మారుతూ ఉంటుంది. రెండు రూపాలూ ఉన్నాయి కానీ వేరు చేసి సీసాలో పెట్టే వ్యవధి లేదు.

ఇక బొమ్మ గీయడానికి వద్దాం. చాలామంది విద్యార్థులు తప్పటడుగు వేసేది లెక్కలో కాదు, ఇక్కడే. కోణాలు కాస్త అటూ ఇటూ అయితే ఏ గీత ఎటు పోతోందో కంటికి ఆనదు. ఆ తర్వాత చేసిందంతా ఊహాగానమైపోతుంది.

ముందుగా ఎడమ నుంచి కుడికి కొద్దిగా దిగుతూ పోయే గీత ఒకటి గీయాలి. దాని కిందనే, రవ్వంత కుడికి జరిపి, అంతే పొడవుతో, దానికి సమాంతరంగా మరొకటి. ఇప్పుడు ఆ రెండు గీతల ఎడమ కొసల్నీ, వాటికన్నా కిందగా ఎడమ పక్కన ఉన్న ఒక బిందువుకు కలపాలి. కుడి కొసల్ని, వాటికన్నా పైన కుడి పక్కన ఉన్న బిందువుకు కలపాలి. అంతే, ఆరు మూలలూ వచ్చాయి. పక్కనుంచి చూస్తే పడక కుర్చీలా ఉంటుంది: ఎడమ కొస కాళ్లు చాపుకునే చోటు, కుడి కొస తల ఆనించే చోటు. బొమ్మ సరిగా వచ్చిందో లేదో తేల్చుకోవడానికి ఒక్క పరీక్ష చాలు. ఎదురెదురుగా ఉన్న భుజాలు ఏ జత చూసినా సమాంతరంగా ఉండాలి. అలాంటి జతలు మూడు. ఒక్క జత వంకర పోయినా చెరిపి మళ్లీ గీయడం మేలు. వంకర బొమ్మ మీద గ్రూపులు పెట్టుకుంటూ పోతే తప్పు ఎక్కడ జరిగిందో ఆఖరికి పట్టుకోలేం.

మూలల్ని ఒక చుట్టు చూస్తే ఒకటి కిందికి, తర్వాతది పైకి, మళ్లీ కిందికి, ఇలా మారుతూ ఉంటాయి. ఒక్కో కార్బన్‌కు వలయంలోకి పోగా ఇంకో రెండు బంధాలు మిగులుతాయి. అందులో మొదటిది యాక్సియల్. అది నిట్టనిలువుగా ఉంటుంది. పైకి పొడుచుకొచ్చిన మూల దగ్గర పైకి, కిందికి దిగిన మూల దగ్గర కిందికి గీయాలి. ఏటవాలుగా గీస్తే అది యాక్సియల్ కాదు. రెండోది ఈక్వటోరియల్. అది వలయం నడుము వెంబడి బయటికి పోతుంది. దాని వాలు ఎంతో ఊహించుకోనక్కర్లేదు. ఆ మూలను తాకే రెండు భుజాలనూ వదిలేసి, వాటి పక్క భుజాన్ని చూడాలి. ఈక్వటోరియల్ గీత దానికి సమాంతరంగా పోతుంది. యాక్సియల్ పైకి ఉన్న కార్బన్ మీద ఈక్వటోరియల్ రవ్వంత కిందికి వాలుతుంది. యాక్సియల్ కిందికి ఉంటే ఇది రవ్వంత పైకి లేస్తుంది. అందువల్ల ఒక్కో కార్బన్‌కూ ‘పై’ బంధం ఒకటి, ‘కింది’ బంధం ఒకటి ఖాయంగా ఉంటాయి. పై అంటే యాక్సియల్ అనీ కింద అంటే ఈక్వటోరియల్ అనీ కాదు. ఈ రెంటినీ కలగాపులగం చేయడమే పరీక్ష పేపర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు.

ఇప్పుడు మెంథాల్‌ను ఈ కుర్చీ ఎక్కిద్దాం. చదునైన బొమ్మలో దాని హైడ్రాక్సిల్ పైకి, ఐసోప్రొపైల్ కిందికి, మీథైల్ పైకి ఉంటాయి. 1వ కార్బన్‌గా ఎడమ కొసను తీసుకుందాం. అక్కడి నుంచి పై గీత ఎడమ కొన 2, దాని కుడి కొన 3, కుడి కొస 4, కింది గీత కుడి కొన 5, ఎడమ కొన 6. ఎడమ కొస కిందికి దిగిన మూల కనుక అక్కడ యాక్సియల్ కిందికి పోతుంది, ఈక్వటోరియల్ కాస్త పైకి లేస్తుంది. హైడ్రాక్సిల్ పైకి ఉండాలి, కాబట్టి అది ఈక్వటోరియల్ గీత మీదికి వెళ్తుంది. 2వ కార్బన్ పైకి ఉన్న మూల. అక్కడ యాక్సియల్ పైకి, ఈక్వటోరియల్ కాస్త కిందికి. ఐసోప్రొపైల్ కిందికి ఉండాలి, అదీ ఈక్వటోరియలే. 5వ కార్బన్ మళ్లీ కిందికి దిగిన మూల. మీథైల్ పైకి ఉండాలి కనుక అది కూడా ఈక్వటోరియల్ అవుతుంది. మూడుకు మూడూ ఈక్వటోరియల్.

ఇది ఒక కుర్చీ. రెండోది గీయాలంటే కాళ్ల వైపు కొసను పైకి లేపి, తల వైపు కొసను కిందికి దించాలి. కార్బన్ల నంబర్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఏ మూల పైకి ఉందో అది కిందికీ, కింద ఉన్నది పైకీ మారుతుంది. దాంతో ప్రతి యాక్సియల్ ఈక్వటోరియల్ అవుతుంది, ప్రతి ఈక్వటోరియల్ యాక్సియల్ అవుతుంది. మారనిది ఒక్కటే: పైకి ఉన్న గ్రూపు పైకే ఉంటుంది, కింద ఉన్నది కిందే ఉంటుంది. అందుకు కారణం ఉంది. వలయం వంపు తిరిగినప్పుడు ఒక్క బంధం కూడా తెగదు. బంధం తెగకుండా గ్రూపు వలయానికి ఒక వైపు నుంచి రెండో వైపుకు దాటలేదు. కుర్చీ మార్చాక హైడ్రాక్సిల్ కిందికి వచ్చిందంటే, గీసినవారు మెంథాల్‌ను కాస్తా నియోమెంథాల్ చేసేశారన్నమాట. ఇంకొందరు కాగితాన్ని తిప్పి చూసి అదే రెండో కుర్చీ అనుకుంటారు. బొమ్మను ఎంత తిప్పినా యాక్సియల్ యాక్సియల్‌గానే ఉంటుంది, అది కుర్చీ మారడం కాదు.

మెంథాల్ రెండో కుర్చీలో మూడు గ్రూపులూ యాక్సియల్ అవుతాయి. ఇందులో ఇబ్బంది ఏమిటో చూడాలంటే ఒక్క మీథైల్‌నే దగ్గరగా గమనించాలి. వలయానికి ఒకే వైపున ఉన్న మూడు యాక్సియల్ గీతలూ ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా నిలబడి ఉంటాయి. మూడింటి మీదా హైడ్రోజన్లే అయితే సర్దుకుపోతాయి. ఒకదాని మీద హైడ్రోజన్‌కు బదులు మీథైల్ పెడితే, అది మిగతా రెండు హైడ్రోజన్లకూ మరీ దగ్గరవుతుంది. ఒక్కో హైడ్రోజన్‌తో ఇరుకుకు మోల్‌కు దాదాపు 0.87 కిలోకేలరీలు, రెండింటికీ కలిపి 1.74. యాక్సియల్‌గా ఉన్నందుకు ఆ గ్రూపు చెల్లించే మూల్యం ఇది. ఈ సంఖ్యను రసాయన శాస్త్రంలో ఏ-విలువ అంటారు.

చూడ్డానికి చిన్న సంఖ్యే. కానీ గది ఉష్ణోగ్రత దగ్గర 1.36 కిలోకేలరీల తేడా ఉంటే చాలు, రెండు రూపాల నిష్పత్తి పది రెట్లు మారిపోతుంది. 1.74 అంటే సుమారు పంతొమ్మిదికి ఒకటి. ఒక్క మీథైల్ ఉన్న సైక్లోహెక్సేన్‌లో ఏ క్షణంలో చూసినా వందకు 95 అణువుల్లో మీథైల్ ఈక్వటోరియల్‌గా ఉంటుంది, ఐదింటిలో యాక్సియల్‌గా ఉంటుంది.

హైడ్రాక్సిల్ ఏ-విలువ దాదాపు 0.9. ద్రావణిని బట్టి అది కాస్త తగ్గుతుంది, పెరుగుతుంది. ఐసోప్రొపైల్ ఏ-విలువ 2.15. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఐసోప్రొపైల్ మీథైల్ కన్నా చాలా పెద్దది, మూడు కార్బన్ల గ్రూపు. మరి మూల్యం 1.74 నుంచి 2.15కే ఎందుకు పెరిగింది? ఐసోప్రొపైల్‌లో వలయానికి అతుక్కున్న కార్బన్ మీద రెండు మీథైళ్లు, ఒక హైడ్రోజన్ ఉంటాయి. యాక్సియల్ స్థానంలోకి వచ్చినప్పుడు అది తన బంధం మీద తాను తిరిగి, ఆ చిన్న హైడ్రోజన్‌ను వలయం లోపలి వైపుకు పెట్టి, రెండు మీథైళ్లనూ బయటికి తిప్పేసుకుంటుంది. ఇరుకులోకి వచ్చేది ఆ హైడ్రోజనే. టెర్షియరీ బ్యూటైల్‌కు ఈ వెసులుబాటు లేదు. దానికి ఉన్నవి మూడూ మీథైళ్లే. ఎటు తిరిగినా ఒకటి వలయం మీదికి వచ్చి తీరుతుంది. అందుకే దాని ఏ-విలువ 4.7ను దాటుతుంది. ఆ గ్రూపు ఉన్న వలయం దాదాపు ఎప్పుడూ దాన్ని ఈక్వటోరియల్‌గా ఉంచుకునే కుర్చీలోనే ఉండిపోతుంది.

మెంథాల్ లెక్కకు వద్దాం. మొదటి కుర్చీలో యాక్సియల్‌గా ఏ గ్రూపూ లేదు, మూల్యం సున్నా. రెండో కుర్చీలో 0.9, 2.15, 1.74 కలిపితే దాదాపు 4.8. నిష్పత్తి సుమారు మూడువేలకు ఒకటి. వాస్తవంలో రెండో కుర్చీకి ఇంకో బెడద కూడా ఉంది. హైడ్రాక్సిల్ 1వ కార్బన్ మీద, మీథైల్ 5వ కార్బన్ మీద, రెండూ పైకే యాక్సియల్‌గా ఉంటాయి. అంటే పక్కపక్కన సమాంతరంగా నిలబడే మూడు గీతల్లో రెండింటి మీద ఇవే ఉన్నాయి. ఏ-విలువలు ‘గ్రూపుకూ హైడ్రోజన్‌కూ’ మధ్య ఇరుకును కొలిచి చెప్పినవి. ఇక్కడ గ్రూపుకు గ్రూపే ఎదురైంది. ఇరుకు ఎక్కువ, కాబట్టి అసలు తేడా ఆ కూడిక చెప్పినదానికన్నా పెరుగుతుంది. మరోవైపు, మొదటి కుర్చీలో ఈక్వటోరియల్‌గా పక్కపక్కనే ఉన్న హైడ్రాక్సిల్, ఐసోప్రొపైల్ కొద్దిగా రాసుకుంటాయి. దానివల్ల తేడా కాస్త తగ్గుతుంది. ఏ-విలువల కూడిక ఏ కుర్చీ గెలుస్తుందో చెప్పడానికి బాగా పనికొస్తుంది. పక్కపక్కన గానీ, ఒకే వైపు యాక్సియల్‌గా గానీ రెండు గ్రూపులు ఉన్నచోట అది ఇచ్చే సంఖ్యను అంచనాగానే తీసుకోవాలి.

నియోమెంథాల్‌లో ఒక్క హైడ్రాక్సిల్ మాత్రమే కిందికి మారింది. అదే కుర్చీలో పెడితే హైడ్రాక్సిల్ యాక్సియల్, మిగతా రెండూ ఈక్వటోరియల్. మూల్యం 0.9. కుర్చీ మారితే హైడ్రాక్సిల్ ఈక్వటోరియల్ అయి సుఖపడుతుంది కానీ ఐసోప్రొపైల్, మీథైల్ రెండూ యాక్సియల్ అవుతాయి. మూల్యం 3.9 దాకా పోతుంది. కాబట్టి మొదటి కుర్చీయే గెలుస్తుంది, సుమారు 150కి ఒకటి నిష్పత్తిలో. ఐసోమెంథాల్‌లో మారింది మీథైల్. ఒక కుర్చీలో మీథైల్ ఒక్కటే యాక్సియల్, 1.74. రెండోదాంట్లో హైడ్రాక్సిల్, ఐసోప్రొపైల్ కలిసి 3.05. ఇక్కడ తేడా 1.3 మాత్రమే, నిష్పత్తి తొమ్మిదికి ఒకటి అటూ ఇటూ. ఐసోమెంథాల్ అణువుల్లో చెప్పుకోదగ్గ వంతు రెండో కుర్చీలో కూడా ఉంటుందన్నమాట.

నియోఐసోమెంథాల్ అలవాటు పడిన సూత్రానికి అడ్డం తిరుగుతుంది. ‘పెద్ద గ్రూపును ఈక్వటోరియల్‌లో పెట్టు, పనైపోయింది’ అని బట్టీ పట్టినవాళ్లు దీని దగ్గర బోల్తా పడతారు. ఇందులో మూడు గ్రూపులూ ఒకే వైపు, కిందికి ఉంటాయి. మనం వేసుకున్న కుర్చీలో ఐసోప్రొపైల్ ఈక్వటోరియల్ అవుతుంది. 1వ కార్బన్ మీది హైడ్రాక్సిల్, 5వ కార్బన్ మీది మీథైల్ మాత్రం రెండూ కిందికి యాక్సియల్ అవుతాయి. 0.9, 1.74 కలిపితే 2.64. పైగా ఆ రెండూ ఒకదానికొకటి ఎదురెదురుగా ఇరుక్కుంటాయి, ఆ భారం అదనం. కుర్చీ మార్చి చూస్తే ఐసోప్రొపైల్ ఒక్కటే యాక్సియల్, మూల్యం 2.15. మిగతా రెండూ హాయిగా ఈక్వటోరియల్‌లో ఉంటాయి. లెక్క ప్రకారం అన్నిటికన్నా పెద్ద గ్రూపు యాక్సియల్‌గా ఉన్న కుర్చీయే మెరుగు. ఇంత పెద్ద గ్రూపును యాక్సియల్‌లో పెట్టడానికి మొదటిసారి చేసేవారికి చేయి రాదు. కానీ పెద్ద గ్రూపు ఏదన్నది కాదు ప్రశ్న. రెండు కుర్చీలూ గీసి, ఒక్కోదాంట్లో యాక్సియల్‌గా ఉన్నవాటి మూల్యం విడివిడిగా కూడి, ఎదురెదురుగా పడిన జంటలు ఉన్నాయేమో చూసి, అప్పుడు పోల్చాలి.

నాలుగు పదార్థాల్నీ వాటివాటి మంచి కుర్చీల్లో ఉంచి చూస్తే మూల్యాలు ఇలా వస్తాయి: మెంథాల్‌కు సున్నా, నియోమెంథాల్‌కు 0.9, ఐసోమెంథాల్‌కు 1.74, నియోఐసోమెంథాల్‌కు 2.15. ఈ వరస కాగితం మీది లెక్కగానే మిగిలిపోలేదు, దీన్ని ఫ్యాక్టరీలో చూడవచ్చు. ప్రపంచంలో మెంథాల్ కొంత పుదీనా జాతి మొక్కల నూనె నుంచి వస్తుంది, కొంత కృత్రిమంగా తయారవుతుంది. జర్మనీలో అభివృద్ధి చేసిన ఒక పద్ధతిలో థైమాల్ అనే పదార్థానికి ఎక్కువ ఒత్తిడిలో, 180 డిగ్రీల పైబడిన వేడిలో, ఉత్ప్రేరకం సాయంతో హైడ్రోజన్‌ను చేరుస్తారు. థైమాల్ వాము నూనెలో కూడా ఉండేదే. దాని చదునైన వలయం హైడ్రోజన్‌ను తీసుకుని సైక్లోహెక్సేన్ వలయంగా మారుతుంది, నాలుగు రకాల మెంథాళ్లూ కలగలిసి వస్తాయి. ఆ పరిస్థితుల్లో గ్రూపులు పైకిందులు కూడా మార్చుకోగలవు. ఉత్ప్రేరకం బంధాల్ని తెంచి మళ్లీ కలుపుతూ ఉంటుంది కాబట్టి అది సాధ్యం. చివరికి కుదురుకున్న మిశ్రమంలో మెంథాల్ నూటికి 60 పైచిలుకు, నియోమెంథాల్ 20కి కొంచెం తక్కువగా, ఐసోమెంథాల్ పది పన్నెండు దాకా, నియోఐసోమెంథాల్ ఒకటో రెండో ఉంటాయి. కుర్చీ లెక్క చెప్పిన వరసే ఇది. ఏ-విలువల్ని ఆ వేడికి తగ్గట్టుగా నిష్పత్తుల్లోకి మార్చి చూస్తే మెంథాల్ వాటా 60 దాటే వస్తుంది. నియోఐసోమెంథాల్ దగ్గర మాత్రం మన లెక్క కాస్త ఎక్కువ చూపిస్తుంది. మూడు గ్రూపులూ ఒకే వైపున్న ఆ అణువులో పొరుగు గ్రూపుల ఇరుకును ఏ-విలువలు పట్టించుకోలేదు మరి.

ఫ్యాక్టరీవాళ్లు మెంథాల్‌ను వేరు చేసి, అక్కర్లేని మిగతా మూడింటినీ తిరిగి అదే పాత్రలోకి పంపిస్తారు. అవి మళ్లీ పైకిందులు మార్చుకుని, మళ్లీ అదే నిష్పత్తికి కుదురుకుంటాయి. మెంథాల్ వాటా ఎప్పుడూ ఎక్కువే కనుక ప్రతి చుట్టులోనూ కొంత సరుకు చేతికొస్తుంది. మూడు గ్రూపులూ ఈక్వటోరియల్‌గా ఉన్న ఆ ఒక్క కుర్చీ వల్లనే ఈ పద్ధతి గిట్టుబాటవుతోందని చెప్పవచ్చు.

స్థిరమైన కుర్చీ ఏదో తేల్చాక, చర్య కూడా ఆ కుర్చీలోనే జరుగుతుందని అనుకుంటే మాత్రం దెబ్బతింటాం. మెంథాల్‌లో హైడ్రాక్సిల్ స్థానంలో క్లోరిన్ ఉన్న పదార్థం మెంథైల్ క్లోరైడ్. ఇందులోనూ మూడు గ్రూపులూ ఈక్వటోరియలే. నియోమెంథైల్ క్లోరైడ్‌లో క్లోరిన్ యాక్సియల్. క్లోరిన్ ఏ-విలువ అర కిలోకేలరీ అటూ ఇటూ, కాబట్టి దానికి పెద్ద కష్టం లేదు. రెండింటినీ ఆల్కహాల్‌లో సోడియం ఎథాక్సైడ్‌తో వేడి చేస్తే క్లోరిన్‌తో పాటు పక్క కార్బన్ మీది హైడ్రోజన్ ఒకటి ఊడిపోయి, వలయంలో జంట బంధం ఏర్పడుతుంది. స్థిరత్వంలో వెనకబడిన నియోమెంథైల్ క్లోరైడే ఇక్కడ సుమారు 200 రెట్లు వేగంగా పనిచేస్తుంది.

ఊడిపోయే క్లోరిన్, హైడ్రోజన్ రెండూ ఒకే తలంలో, ఒకదానికొకటి సరిగ్గా వ్యతిరేక దిశల్లో ఉంటేనే ఆ చర్య సాఫీగా సాగుతుంది. కుర్చీలో అలాంటి అమరిక పక్కపక్క కార్బన్ల మీద ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్న రెండు యాక్సియల్ బంధాలకే ఉంటుంది. నియోమెంథైల్ క్లోరైడ్‌లో క్లోరిన్ ముందే యాక్సియల్. దాని రెండు పక్కల, 2వ కార్బన్ మీదా 6వ కార్బన్ మీదా, యాక్సియల్ హైడ్రోజన్లు సిద్ధంగా ఉంటాయి. అందుకే రెండు రకాల ఉత్పన్నాలు వస్తాయి. జంట బంధం ఐసోప్రొపైల్ ఉన్న వైపు ఏర్పడినది దాదాపు ముప్పాతిక వంతు, రెండో వైపుది మిగతా వంతు.

మెంథైల్ క్లోరైడ్ మాత్రం చర్యలోకి దిగాలంటే ముందు సుఖంగా ఉన్న కుర్చీని వదిలి, మూడు గ్రూపులూ యాక్సియల్‌గా ఉండే కుర్చీలోకి మారాలి. ఏ క్షణంలో చూసినా అలాంటి అణువులు బహు తక్కువ, అందుకే అంత నెమ్మది. ఆ కుర్చీలో 2వ కార్బన్ మీది యాక్సియల్ స్థానాన్ని ఐసోప్రొపైల్ ఆక్రమించి ఉంటుంది, అక్కడి హైడ్రోజన్ ఈక్వటోరియల్ అయిపోయింది. అటు పక్క ఊడిపోవడానికి అనువైన హైడ్రోజన్ లేదు. యాక్సియల్ హైడ్రోజన్ మిగిలింది 6వ కార్బన్ మీదనే. ఈ చర్యలో మెంథైల్ క్లోరైడ్ నుంచి వచ్చే ఉత్పన్నం ఒక్కటే, 2-మెంథీన్.